భిలాయిలో తెలుగుకు చుట్టాలెవరు?

భిలాయి టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు చాలా భాషలు చెవిన పడతాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ, పక్క క్వార్టర్లో మలయాళమో బెంగాలీయో ఒడియానో ఉంటాయి. పాత తరానికి ఇంకో భాష కూడా కొద్దిగా తెలుసు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలయ్యేసరికి ఊరి నిండా రష్యన్ ఇంజనీర్లు ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఒకటి రెండు అంకెలైనా రష్యన్‌లో లెక్కపెట్టగలిగేవారు. ఇక ఫర్నేసులోకి వచ్చే ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనులది. ఆ గనుల చుట్టూ, అక్కడి నుంచి దక్షిణంగా కాంకేర్, బస్తర్ దాకా గోండి మాట్లాడే ఊళ్లున్నాయి.

ఈ భాషల్లో తెలుగుకు దగ్గరిది ఏదని అడిగితే చాలామంది హిందీ అనో ఒడియా అనో అంటారు. రోజూ వింటాం, మాటలు బోలెడు కలుస్తాయి. కానీ భాషాశాస్త్రం చెప్పే జవాబు వేరు. రష్యన్ ఇంజనీరు భాష ఛత్తీస్‌గఢీకి చుట్టం. గని దగ్గరి గోండు కూలీ భాష తెలుగుకు చుట్టం, అదీ తమిళం కన్నా దగ్గరి చుట్టం. ఈ మాట ఎలా రుజువు చేస్తారో చూద్దాం.

కుటుంబం అంటే ఏమిటి?

ఒకప్పుడు ఒకే భాష మాట్లాడిన జనం విడిపోయి వేరువేరు చోట్ల స్థిరపడితే, ఒక్కొక్క చోట పలుకు ఒక్కొక్క తీరుగా మారుతుంది. కొన్ని వందల ఏళ్లకు అవి మాండలికాలు, వెయ్యి రెండు వేల ఏళ్లకు ఒకరికొకరు అర్థంకాని భాషలు. ఇలా ఒకే మూల భాష నుంచి చీలిన భాషలన్నీ ఒక కుటుంబం. ఇక్కడ కుటుంబం అనేది జనం రక్త సంబంధం గురించి ఏమీ చెప్పదు. బస్తర్‌లో హల్బీ అనే భాష ఉంది. అది హిందీ, ఒడియా, మరాఠీల వైపు భాష. దాన్నే ఇంటి భాషగా మార్చుకున్న గోండు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మనుషులు గోండులే, భాష మాత్రం వేరే కుటుంబానిది.

ఛత్తీస్‌గఢ్ ఒక్క రాష్ట్రంలోనే మూడు కుటుంబాలు కలిసి ఉన్నాయి. ఛత్తీస్‌గఢీ, హల్బీ ఇండో-ఆర్యన్ శాఖవి. ఆ శాఖ రష్యన్, గ్రీకు, లాటిన్, పారశీకాలతో కలిసి ఇండో-యూరోపియన్ అనే పెద్ద కుటుంబంలో భాగం. గోండి, బస్తర్‌లో ధుర్వాలు మాట్లాడే పర్జి, ఉత్తరాన జశ్‌పూర్, సర్గుజా వైపు ఒరావులు మాట్లాడే కురుఖ్ ద్రావిడ భాషలు. అదే ఉత్తరాదిలో కోర్వా లాంటివి ముండా భాషలు, సంతాలీకి బంధువులు.

మాటలు కలిస్తే చాలదా?

చాలదు. మాటలు కలవడానికి మూడు కారణాలుంటాయి. చుట్టరికం వాటిలో ఒకటి మాత్రమే.

రెండోది అరువు. ప్లాంటు, ఫర్నేసు, షిఫ్టు, ఫోర్‌మన్ అనే మాటలు భిలాయిలో తెలుగువాళ్లూ మలయాళీలూ ఛత్తీస్‌గఢీ వాళ్లూ ఒకేలా వాడతారు. పోలిక నూటికి నూరు శాతం. అయినా అది ఇంగ్లీషు నుంచి అందరూ తెచ్చుకున్నది తప్ప పుట్టుకతో వచ్చింది కాదు. తెలుగులో సంస్కృత పదాలూ అంతే. శతం, దినం, హృదయం, మాతృభాష అని మనం అంటాం కనక తెలుగు సంస్కృతం నుంచి పుట్టిందని చాలాకాలం నమ్మారు. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఆ నమ్మకాన్ని ఖండించాడు. ఎ.డి. కేంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో, తెలుగు, కన్నడం, తమిళం ధాతువులను వరసగా పెట్టి, అవి ఒకదానితో ఒకటి కలుస్తాయనీ సంస్కృత ధాతువులతో కలవవనీ చూపించాడు. ద్రావిడ భాషలంటే అందరూ కాల్డ్‌వెల్ పేరు చెబుతారు కానీ ఆయన పుస్తకం వచ్చింది 1856లో, అంటే నలభై ఏళ్ల తర్వాత. ఈ విషయంలో ఎల్లిస్‌కు రావలసిన పేరు రాలేదని నా అభిప్రాయం.

మూడోది కాకతాళీయం. నేటి గ్రీకులో నీళ్లను నెరో అంటారు. మన నీరు గుర్తొస్తుంది కదా? చాలామంది దీన్ని పట్టుకుని గ్రీసు దాకా తెలుగును తీసుకెళ్లారు. కానీ గ్రీకు మాట చరిత్ర రాతల్లోనే ఉంది. పాత గ్రీకులో నీళ్లకు వేరే పదం ఉండేది. తాజా నీళ్లు అనడానికి దాని ముందు ఒక విశేషణం చేర్చేవారు. కాలక్రమాన అసలు పదం రాలిపోయి, తాజా అనే ముక్కే నెరోగా మిగిలింది. మన నీరుకు తమిళం, కన్నడం నీర్‌తో సంబంధం ఉంది గాని దానితో లేదు. రెండు భాషల్లో వేల మాటలుంటాయి, వాడే ధ్వనులు మహా అయితే నలభై యాభై. ఏ రెండు భాషలు తీసుకున్నా ఇలాంటివి పదో పరకో దొరకకపోతేనే ఆశ్చర్యపడాలి.

మరి దేన్ని నమ్మాలి?

పోలికను కాదు, క్రమాన్ని నమ్మాలి. ఒక భాషలో ఒక ధ్వని ఉన్నచోట రెండో భాషలో ఎప్పుడూ ఫలానా ధ్వనే రావాలి, అది ఒక మాటలో కాక మాట తర్వాత మాటలో కనబడాలి. రెండు ధ్వనులు ఒకేలా వినబడాల్సిన అవసరం కూడా లేదు.

ముందు రష్యన్ వైపు చూద్దాం. రెండు నుంచి వాళ్ల లెక్క ద్వా, త్రి, చెతీరె, ప్యాత్, షెస్త్, స్యెమ్, వోసెమ్, దేవ్యత్, దేస్యత్ అని సాగుతుంది. ఛత్తీస్‌గఢీ దూ, తీన్, చార్, పాంచ్‌ల పక్కన పెడితే కొన్ని కలుస్తాయి, కొన్ని కలవవు. వాటికి పూర్వరూపాలైన సంస్కృతం ద్వి, త్రి, చతుర్, పంచ, షట్, సప్త, అష్ట, నవ, దశ పక్కన పెడితే వరస చాలావరకు తేటపడుతుంది. ఇందుకే భాషలను పోల్చేటప్పుడు దొరికినంత పాత రూపాన్ని తీసుకోవాలంటారు. ఇప్పుడు పది దగ్గర ఆగండి. సంస్కృతంలో దశ, రష్యన్‌లో దేస్యత్, లాటిన్‌లో దెకెమ్. నూరు చూస్తే శతం, స్తో, కెంతుమ్. సంస్కృతంలో శ ఉన్నచోట రష్యన్‌లో స, లాటిన్‌లో క. శ్రవణంలో ఉన్న శ్రు ధాతువుకూ అదే వరస. రష్యన్‌లో మాట అనడానికి స్లోవో అంటారు, అదీ ఈ ధాతువు సంతానమే. క కూ శ కూ చెవికి పోలిక లేదు. అయినా వరస తప్పలేదు కనక సాక్ష్యం బలమైనది.

ఈ వరసలో తొమ్మిది మాత్రం కుదరదు. నవకు బదులు రష్యన్‌లో నకారంతో మొదలయ్యే మాట ఉండాలి, దేవ్యత్ అని దకారం ఉంది. కారణం పక్కనే ఉన్న పది. లెక్క పెట్టేటప్పుడు తొమ్మిది వెంటనే పది అంటాం కనక రెండోదాని మొదటి ధ్వని మొదటిదానికి అంటుకుంది. నియమం తప్పిన చోట ఇలా తప్పడానికి కారణం చూపగలగాలి. చూపలేకపోతే ఆ మాటను సాక్ష్యంగా వాడకూడదు.

గోండి చుట్టమని ఎలా తెలిసింది?

గోండి లెక్క ఊరూరికీ కాస్త మారుతుంది. రండ్, మూండ్, నాలుంగ్ అంటే రెండు, మూడు, నాలుగు. తర్వాత సయ్యుంగ్, సారుంగ్. ఇవి ఐదు, ఆరు. ఏడు ఏడుంగ్ అనో ఏరుంగ్ అనో వినబడుతుంది. చివరి ఉంగ్ బహువచన ప్రత్యయం. దాన్ని తీసేస్తే సయ్, సార్ మిగులుతాయి. ఐదు, ఆరులకు ముందు ఒక స వచ్చి చేరినట్టుంది. తమిళం, కన్నడం, మలయాళం అన్నిటా ఈ రెండు అంకెలు అచ్చుతోనే మొదలవుతాయి. నాలుగు పెద్ద భాషలు ఒకవైపు, గోండి ఒక్కటి ఇంకోవైపు. ఓట్లు లెక్కిస్తే గోండి తప్పు, స అనేది అది సొంతంగా తగిలించుకున్నది అనిపిస్తుంది.

కానీ ఈ లెక్క ఓట్లతో తేలదు. గోండులు అచ్చుతో మొదలయ్యే మాటలకు స తగిలించే అలవాటు చేసుకుని ఉంటే ఏడుకు కూడా తగిలించాలి. తగిలించలేదు. కాబట్టి మొదట ఐదు, ఆరులకు మాత్రమే హల్లు ఉండేది, ఏడుకు లేదు. గోండి ఆ తేడాను నిలుపుకుంది, మిగతావాళ్లం పోగొట్టుకున్నాం.

ఒక్క అంకెల జతతో ఇంత మాట అనకూడదు కదా. ఇతర మాటలు చూద్దాం. మన ఇచ్చుకు పాత రూపం ఈ అనే ధాతువు, తమిళంలోనూ ఈ. గోండిలో అది సీ. జగదల్‌పూర్ చుట్టుపక్కల పర్జిలో చీ. ఎక్కడో జశ్‌పూర్‌లో కురుఖ్ మాట్లాడేవాళ్లు కూడా ఇవ్వడాన్ని చకారంతోనే మొదలుపెడతారు. ఉప్పు తీసుకోండి. తెలుగు, తమిళం, కన్నడాల్లో ఉప్పే. పర్జిలో చుప్, ఆదిలాబాద్ వైపు కొలామీలో సుప్. చ, స, శూన్యం అనే వరస మళ్లీ మళ్లీ వస్తోంది. అది కూడా ఒకరికొకరు అందనంత దూరంలో ఉన్న భాషల్లో. జశ్‌పూర్ కురుఖులూ బస్తర్ ధుర్వాలూ కూడబలుక్కుని ఒకే మాటలకు హల్లు తగిలించే అవకాశం లేదు.

ఇక ఆ మూల హల్లు చ నా, స నా? పర్జిలో చ, కురుఖ్‌లో చ. ప్రపంచంలో ఏ భాష చూసినా చ మెత్తబడి స అవడం, స పలచబడి హ అవడం, హ పూర్తిగా రాలిపోవడం తరచుగా జరిగే మార్పులు. సంస్కృతం సప్తకు పారశీకంలో హఫ్త్, దాన్నుంచే మనం వాడే హఫ్తా. సింధు హిందువైంది కూడా ఇలాగే. శూన్యం నుంచి హ, హ నుంచి స పుట్టడం మాత్రం అరుదు. అందువల్ల మూలద్రావిడంలో ఐదు, ఆరు, ఇచ్చు, ఉప్పు చకారంతో మొదలయ్యేవని తేల్చారు. ఇలా ఊహించి కట్టిన రూపానికి ముందు నక్షత్రం గుర్తు పెడతారు. ఎక్కడా రాసి ఉన్నది కాదు, లెక్కగట్టినది అని ఆ గుర్తుకు అర్థం.

మార్పు జరుగుతున్న మధ్య మెట్టు గోండిలోనే కళ్లకు కనబడుతుంది. గోండిలో ఉప్పుకు ఇంకో మాట ఉంది. ఉత్తరాన, పడమటన అది సకారంతో సోవర్. బస్తర్ కొండ ప్రాంతపు మాడియాల, మురియాల పలుకులో హోవర్. ఇంకా దక్షిణానికి దిగితే ఆ హ కూడా పోయి ఓవర్. మాట ఒకటే, పటం మీద పైనుంచి కిందికి వెళ్తే మొదటి హల్లు మన ముందే కరిగిపోతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1998లో దీని మీదే ఒక వ్యాసం రాశారు. ఆయన ఒంగోలులో పుట్టారు, ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పారు. ఒక ధ్వని మార్పు అన్ని మాటలకూ ఒకేసారి తగలదు, మాట తర్వాత మాటగా పాకుతుంది, చివరికి అన్నిటినీ కమ్మేస్తే పైకి నియమంగా కనబడుతుంది అని గోండి మాండలికాల సాక్ష్యంతో చూపారు.

ఆ పాకడమే తెలుగులో ఒక చిక్కును విప్పుతుంది. మనకు ఐదు, ఆరు, ఉప్పులలో చ పోయింది, చచ్చు, చావు లాంటి మాటల్లో మాత్రం నిలిచింది. గోండిలో చచ్చుకు సా ధాతువు, అంటే మూలంలో అదీ చకారమే. ఒకే హల్లు కొన్ని మాటల్లో పోయి కొన్ని మాటల్లో ఉంది. నియమం గట్టిదైతే ఇలా ఉండకూడదు. మార్పు కొన్ని మాటల దాకా పాకి ఆగిపోయిందనేది ఇచ్చిన వివరణ. కుదురుగానే ఉంది, కానీ ఫలానా మాటల దగ్గరే ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు.

చెయ్యి, చెవి, కన్ను

ఇంతకన్నా శుభ్రమైన నియమం కావాలంటే ఒంటి భాగాలు చూడాలి. గోండిలో చెవి కెవి, కన్నడంలో కివి. మన చేయు కన్నడంలో గెయ్, గోండిలో కీ ధాతువు. చెరువు కన్నడంలో కెరె. తెలుగులో చ ఉన్నచోట అవతల క, గ. మరి కన్ను? గోండిలో కన్, తమిళంలో కణ్, మనకూ కకారమే. కాలు కూడా అంతే. తేడా ఎక్కడుందంటే క తర్వాతి అచ్చులో. ఇ, ఎ లాంటి ముందు అచ్చుల పక్కన క నాలుక ముందుకు జరిగి చ అయింది, అ, ఆ ల పక్కన మారలేదు. నియమానికి షరతు దొరికితే సాక్ష్యం బలం రెట్టింపవుతుంది. ఎందుకంటే ఇక చూడని మాట గురించి కూడా ముందే చెప్పగలం. చిలుకకు కన్నడంలో క గాని గ గాని ఉండాలని ఊహించి వెతికితే గిళి దొరుకుతుంది.

తమిళంలో చెవి మన చెవే, చేయు చెయ్. చెయ్యి మాత్రం కై. ఎందుకు? తమిళంలో ఆ మాటలో క పక్కన అకారమే ఉండిపోయింది, మార్పు దాన్ని ముట్టుకోలేదు. తెలుగులో అది ముందు కె వైపు జరిగి, తర్వాత చె అయింది. పర్జిలో ఇప్పటికీ కెయ్. మధ్య మెట్టు మళ్లీ బస్తర్‌లోనే దొరికింది! ఇక కురుఖ్‌లో ఇలాంటి మాటల్లో క బదులు గొంతు గీరుకుంటూ పలికే ఖ వస్తుంది. కన్ను ఖన్, చెవి ఖెబ్దా, చెయ్యి ఖెఖ్ఖా. ఖెబ్దాకూ చెవికీ ఏ పోలికా వినబడదు. పైపైన చూస్తే చుట్టరికం అసాధ్యం అనిపిస్తుంది, వరస కట్టి చూస్తే తప్పించుకోలేం.

అరువు అని ఎలా పసిగడతారు?

కురుఖ్ అంకెలే మంచి ఉదాహరణ. ఏండ్, మూంద్, నాఖ్ వరకు ద్రావిడమే, రెండు మూడు నాలుగుకు వరసలు సరిపోతాయి. ఐదు నుంచి పంచే అంటూ లెక్క పొరుగు భాషల్లోకి మారిపోతుంది. ఆ భాషలో ఇచ్చు మాటకు చ నిలిచింది కనక ఐదుకు కూడా చకారంతో మొదలయ్యే మాట ఉండాలి. లేదు. నియమం ఆశించిన ధ్వనికి బదులు ఎదుటి భాషలోని ధ్వని అచ్చంగా దిగడం అరువుకు గుర్తు. గోండిలో కూడా ఏడు దాటితే చాలాచోట్ల హిందీ, మరాఠీ అంకెలే. సంతలో బేరాలు పొరుగు భాషలో జరిగితే పెద్ద అంకెలు ముందు పోతాయి.

అందుకే సాక్ష్యానికి ఎంచుకునే మాటలు సంతలోవి కాకూడదు. ఒంటి భాగాలు, చిన్న అంకెలు, సర్వనామాలు, ఇవ్వడం, చావడం, తినడం లాంటి క్రియలు తీసుకుంటారు. ఇవి కూడా అరువు వెళ్లవని కాదు, తక్కువగా వెళతాయి. వ్యాకరణం ఇంకా తక్కువగా మారుతుంది. తెలుగులో మగవాడికి వాడు, ఆడమనిషికీ వస్తువుకీ ఒకే అది. చనువుగా మాట్లాడేటప్పుడు అది వచ్చింది అంటే మనిషి రావచ్చు, బస్సు రావచ్చు. మర్యాద తెలిసినవాళ్లకు ఇది కాస్త ఇబ్బంది, భాషాశాస్త్రజ్ఞుడికి పండగ. తమిళంలో ఇలా లేదు, ఆడవాళ్లకు అవళ్ అని వేరే మాట ఉంది. గోండిలో మగవాడు ఓర్, ఆడమనిషీ వస్తువూ అద్. పర్జిలో ఓద్, అద్. కురుఖ్‌లో ఆస్, ఆద్. ఆడమనిషిని వస్తువుల గంపలో వేసే ఈ పద్ధతిని, అదే ధ్వనులతో సహా, నాలుగు భాషలు విడివిడిగా కనిపెట్టాయంటే నమ్మడం కష్టం.

గోండి తమిళం కన్నా దగ్గర ఎలా అవుతుంది?

ఇక్కడ చాలామంది పొరబడే మెలిక ఒకటుంది. చుట్టరికం దూరం, దగ్గర తేల్చడానికి రెండు భాషలూ ఉమ్మడిగా దాచుకున్న పాత సొత్తు పనికిరాదు. ఇప్పుడు చెప్పిన అది, అద్ విషయమే చూడండి. ఉత్తరాది కురుఖ్‌లోనూ ఉంది కనక అది మూల భాష నాటిదని చాలామంది అభిప్రాయం. అప్పుడది ద్రావిడ కుటుంబం అని రుజువు చేస్తుంది గాని తెలుగు, గోండి ఒక ఇంటివని రుజువు చేయదు. పాత ఆస్తి ఎవరి దగ్గరైనా మిగలవచ్చు. ఇద్దరూ కలిసి చేసిన కొత్త మార్పు కావాలి, మూల భాషలో లేనిది, మిగతా శాఖల్లో లేనిది.

మేము అనే మాటను చూడండి. పర్జిలో ఆం, కురుఖ్‌లో ఏం, పాత తమిళంలో యాం. పాత తెలుగులోనూ ఏము ఉంది. మొదట్లో మకారం లేదు. తర్వాత తెలుగులో మేము వచ్చింది. గోండిలో మమ్మట్, ఒడిశా కొండల్లో కుయిలో మాము. ముందుకు వచ్చి చేరిన ఈ మకారం తమిళం, కన్నడాల్లో లేదు, పర్జి, కురుఖ్‌లలో లేదు. రెండు మాట కూడా ఇలాంటిదే. తమిళంలో ఇరండు, కన్నడంలో ఎరడు, పర్జిలోనూ ముందు ఇకారం ఉంది. తెలుగు రెండు, గోండి రండ్ మాత్రం ముందు అచ్చును వదిలి రకారంతో మొదలవుతాయి. మాట లోపలి ర, ల, డ లాంటి ధ్వనులు మొదటికి జరగడం తెలుగు, గోండి, కుయి, కువి, కొండ భాషల్లో పదేపదే కనబడే లక్షణం. ఇలాంటి మార్పులు కొన్ని కలిసి వచ్చేసరికి ఈ భాషలన్నీ విడిపోకముందు కొంతకాలం ఒకే భాషగా నడిచాయని చెప్పగలిగారు. దీన్ని దక్షిణ-మధ్య శాఖ అంటారు. కృష్ణమూర్తి గారి 1961 నాటి తెలుగు ధాతువుల పుస్తకం తెలుగును గట్టిగా ఈ శాఖలో కూర్చోబెట్టింది. పర్జి పక్కనే ఉన్నా వేరే శాఖ, కొలామీతో కలిసి మధ్య ద్రావిడం. దాని వ్యాకరణం, పదకోశం బరో, భట్టాచార్య కలిసి 1953లో అచ్చువేయకపోతే పైన రాసిన చుప్, చీ, కెయ్ నాకు దొరికేవి కావు.

ఎంత దూరం వెళ్లగలం?

ఈ పద్ధతి చుట్టరికం ఉందని చూపగలదు. లేదని చూపలేదు. తెలుగుకూ రష్యన్‌కూ సంబంధం లేదని ఎవరైనా అంటే, దొరికినంత పోల్చి చూస్తే వరస కుదరలేదని మాత్రమే అర్థం. కాలం గడిచేకొద్దీ పాత మాటలు పోతాయి, మిగిలినవి గుర్తుపట్టలేనంత అరుగుతాయి. ఎనిమిది పది వేల ఏళ్లు దాటితే నిజమైన చుట్టరికం కూడా కాకతాళీయపు పోలికల రొదలో కలిసిపోతుంది. ద్రావిడాన్ని ఎలాము భాషతోనో ఇంకో దానితోనో ముడిపెట్టిన ప్రయత్నాలు అక్కడే ఆగాయి.

ఇంకొకటి, వరసలు తేదీ చెప్పవు. తెలుగు, గోండి ఎప్పుడు విడిపోయాయో ధ్వని మార్పు నుంచి తెలియదు. మాటలు పోయే వేగాన్ని గణాంకాలతో అంచనా కట్టే పద్ధతులు ఈమధ్య వచ్చాయి. 2018లో అలాంటి అధ్యయనం ఒకటి ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4500 ఏళ్లని చెప్పింది. అయితే ఏ శాఖ ముందు చీలింది, ఏది తర్వాత అనే దాంట్లో దానికీ స్పష్టత రాలేదు. ఆ అంకెను ఎవరైనా శిలాశాసనంలా చదివితే జాగ్రత్తపడాలి.

మనం చూడాలంటే?

భిలాయిలో గోండి మాట్లాడే సహోద్యోగి ఉంటే ఇది చదివి ఊరుకోనక్కర్లేదు. ముందు ఒంటి భాగాలు, ఒకటి నుంచి పది, నేను, నువ్వు, మేము, వాడు, అది అడగండి. తర్వాత ఇవ్వడం, రావడం, తినడం, చావడం, తాగడం. మీ మాట ముందే చెప్పి ఇదేనా అని అడగకండి. మర్యాదకు అవునంటారు, మీ తెలుగే మీకు తిరిగొస్తుంది. వేలు చూపించి అడగండి, లేదా హిందీలో అడగండి. వచ్చిన జవాబు హిందీలా వినబడితే, మీ అమ్మమ్మ ఏమనేది అని ఇంకోసారి అడిగితే తరచుగా పాత మాట బయటికొస్తుంది. రాసుకునేటప్పుడు మాట పక్కన మనిషి పేరు అవసరం లేదు, పుట్టిన ఊరు, బ్లాకు మాత్రం తప్పకుండా ఉండాలి. ఉప్పుకు సోవర్ అన్నవాళ్లది రాజహరా వైపో, హోవర్ అన్నవాళ్లది నారాయణ్‌పూర్ వైపో, ఓవర్ అన్నవాళ్లది ఇంకా కిందో ఊరి పేరు లేకపోతే తర్వాత చెప్పలేరు.